తలుపు ముందు ఫోటో

ఒరేయ్ శీనూ,

పాత టేకు తలుపులకి పాలిష్ పని సొంతంగా మొదలుపెడుతున్నావని, ముందూ తర్వాతా ఫోటోలు ఫోన్లో చూపించి పని పట్టుకుంటావని మీ అమ్మ చెప్పింది. సంతోషం వేసింది. వెంటనే టెన్షన్ కూడా మొదలైంది.

ఎమిరీ పేపరు పట్టకముందే మొదటి ఫోటో తీయి. ఫ్లాష్ వద్దు. నేలమీద సుద్దతో గీత గీసి రెండుసార్లూ అక్కడే నిలబడు, ఫోన్ గొళ్ళెం ఎత్తులో పట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

నాకు తెలియక జరిగింది చెప్తాను. ఒక సింహద్వారానికి లక్క పాలిష్ వేశాను. ముందు ఫోటో సాయంత్రం ట్యూబులైటు కింద తీశాను, తర్వాతది పొద్దున పదింటికి, ఎండ ఏటవాలుగా పడుతుంటే, రెండడుగులు దగ్గరికి జరిగి. రెండోదాంట్లో తలుపు తేనెలా మెరిసింది. అది చూసి ఇంకొకావిడ తన తలుపు అప్పజెప్పింది. పని బాగానే వచ్చింది, కానీ రంగు ముదురు. ఆవిడ ఫోన్ తలుపు పక్కన పెట్టి, "ఈ రంగేది బాబూ?" అంది. స్పిరిట్‌తో పాలిష్ అంతా కడిగి, మళ్ళీ రుద్ది, నా ఖర్చుతోనే మళ్ళీ వేశాను. ఆ రంగు రాలేదు. ఎలా వస్తుంది? అది ఎండ రంగు. మోసగాణ్ణనలేదు గానీ, ఆవిడ చూపు ఇప్పటికీ గుర్తుంది. నీకా చూపు తగలకూడదనే ఇదంతా.

అప్పటినుంచి ద్వారబంధం మూలన ఒక తెల్లకాగితం అంటించి, రెండు ఫోటోల్లోనూ అది పడేలా తీస్తున్నాను. నల్లబడ్డ తలుపు ఎదురైతే ఫోన్ తనంతట తానే వెలుతురు పెంచేస్తుంది, మెరిసే తలుపైతే తగ్గిస్తుంది. అందుకే ఆ కాగితం మీద వేలు కాసేపు నొక్కి ఉంచు, వెలుతురు అక్కడికి ఆగుతుంది. తీశాక రెండూ పక్కపక్కన పెట్టి చూడు. కాగితం ఒకదాంట్లో పసుపుగా, ఇంకోదాంట్లో తెల్లగా ఉంటే ఆ జత పారేయి. మర్నాడు అదే వేళకి వెళ్ళి రెండోది మళ్ళీ తీయి.

పాలిష్ తలుపు అద్దంలా నిన్నే చూపిస్తుంది. కొంచెం పక్కకి జరగాలనిపిస్తుంది. ఆ జరిగేదేదో మొదటి ఫోటోకే జరుగు, లేకపోతే జత కుదరదు.

దుమ్ము పట్టిన తలుపుని అలాగే తీయకు రా, సిగ్గులేని పని అది. పొడిగుడ్డతో తుడిచి తీయి. దుమ్ము పోగొట్టింది గుడ్డ, నీ పాలిష్ కాదు. పోని మరక ఉంటే కత్తిరించకు, ఉండనీ.

కింద "ముందు", "తర్వాత" అని రాయి. ఇంకో వరుసలో "పాత టేకు, లక్క పాలిష్, 6 రోజులు". అంతే. "అద్భుతం" అని నువ్వు రాస్తే చూసేవాడు తలుపు చూడడం మానేసి నీ మాటని అనుమానిస్తాడు.

మొదటి తలుపు ఫోటో, పని మొదలుపెట్టకముందే నాకు పంపు. కాగితం కనబడకపోతే అప్పుడే ఫోన్ చేస్తాను, విసుక్కోకు నాన్నా.

మీ పెదనాన్న