చరిత్ర అధ్యాయాన్ని కుదించేటప్పుడు సంఘటనల వరస చెడకుండా ఎలా రాయాలి?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం ఎలా మొదలైందో చెప్పే అధ్యాయాన్ని మామూలు పాఠకుల కోసం ఒక పేజీలో రాయాలి. కుదించేకొద్దీ ఏది ముందో ఏది వెనకో కలిసిపోతోంది. మీరైతే ఎలా చేస్తారు?

జవాబు: చరిత్ర పుస్తకాలకు సారాంశాలు రాయడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. మీరు చెప్పిన అధ్యాయంలో చిక్కు ఎక్కడొస్తుందంటే, రచయిత చెప్పే వరస వేరు, జరిగిన వరస వేరు. 1914 జులై గురించి రాసేవాళ్లు తరచుగా రాజధానుల వారీగా చెబుతారు. ముందు వియన్నా, తర్వాత బెర్లిన్, ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్, పారిస్, లండన్. రాజధాని మారినప్పుడల్లా తేదీలు మళ్లీ వెనక్కి వెళ్తాయి. పెద్ద పుస్తకంలో అది ఇబ్బంది కాదు. ఒక్క పేజీలో పేరాకోసారి వెనక్కి లాగితే మాత్రం చదివేవాడికి తల తిరుగుతుంది.

అందుకే నేను మొదట సారాంశం జోలికి వెళ్లను. అధ్యాయం చదువుతూ ఒక కాగితం మీద తేదీ, ఎవరు, ఏం చేశారు అని మూడు గడుల్లో రాసుకుంటాను. నాలుగో గడి కూడా ఒకటి పెడతాను: ఆ సంగతి మిగతావాళ్లకు ఎప్పుడు తెలిసింది? జులై 5, 6 తేదీల్లో జర్మనీ, సెర్బియా విషయంలో ఆస్ట్రియాకు పూర్తి మద్దతు ఉంటుందని మాటిచ్చింది. అది అప్పటికి రహస్యం. మీ పేజీలో ఈ సంగతి జులై 5 దగ్గరే రావాలి, కానీ సెర్బియాకు అది తెలిసినట్టు మాత్రం అనిపించకూడదు. 'రహస్యంగా' అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది.

తర్వాత ఆ కాగితాన్ని తేదీల ప్రకారం తిరగరాస్తాను. దాచి ఉన్న కారణాలు ఇక్కడే బయటపడతాయి. సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జూన్ 28న జరిగింది, సెర్బియాకు ఆస్ట్రియా అల్టిమేటం జులై 23న అందింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారని పాఠకుడు తప్పక అడుగుతాడు. దానికి ఒక్కటే కారణం కాదు గానీ, ఒక కారణం ఫ్రాన్స్ గురించిన పేజీల్లో దొరుకుతుంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయెంకారే అప్పుడు రష్యా పర్యటనలో ఉన్నాడు. ఆయన అక్కడుండగా అల్టిమేటం ఇస్తే ఇద్దరు మిత్రులూ అక్కడికక్కడే కూర్చుని మాట్లాడుకుంటారు. అందుకని ఆయన బయల్దేరే దాకా ఆగారు. పుస్తకంలో ఎంత వెనక ఉన్నా సరే, నేను ఈ వాక్యాన్ని అల్టిమేటం ముందుకు తెస్తాను.

రష్యా తేదీలతో జాగ్రత్త. అప్పట్లో వాళ్ల క్యాలెండర్ 13 రోజులు వెనక ఉండేది. మనం జులై 30 అనేది వాళ్లకు జులై 17. పుస్తకంలో పాత తేదీతో ఉత్తరమో డైరీయో కనిపిస్తే మార్చి రాసుకోండి, లేకపోతే అది అల్టిమేటం కన్నా ముందుకెళ్లి కూర్చుంటుంది.

వాక్యాలు కలిపేటప్పుడు అసలు ప్రమాదం ఉంది. 'ఆస్ట్రియా అల్టిమేటం పంపి యుద్ధం ప్రకటించింది' అంటే ఐదు రోజులు మాయమవుతాయి, సెర్బియా ఇచ్చిన జవాబు కూడా మాయమవుతుంది. 'సెర్బియా జవాబివ్వడంతో యుద్ధం వచ్చింది' అంటే జవాబే కారణమన్నట్టు ఉంటుంది. చోటు లేకపోయినా నేను ఇలా విడదీసే రాస్తాను:

"జులై 25న సెర్బియా చాలా షరతులకు ఒప్పుకుంటూ జవాబిచ్చింది. ఆస్ట్రియా దాన్ని అంగీకరించలేదు. 28వ తేదీ ఉదయం ఆ జవాబు చదివిన జర్మనీ చక్రవర్తి ఇక యుద్ధం అక్కర్లేదనుకున్నాడు. ఆస్ట్రియా అదే రోజు యుద్ధం ప్రకటించింది. 30న రష్యా మొత్తం సైన్యాన్ని సిద్ధం చేయమని ఆదేశించింది. ఆగస్టు 1న జర్మనీ కూడా అదే ఆదేశమిచ్చి, రష్యా మీద యుద్ధం ప్రకటించింది."

చివరి వాక్యంలో 'ఇచ్చి' అని కలిపాను, ఎందుకంటే ఆ రెండూ ఒకే రోజు, ఒకే దేశం చేసినవి. మధ్యలో ఇంకో దేశం ఏదైనా చేసి ఉంటే అలా కలపను.

చోటు చాలకపోతే టెలిగ్రాములు, రాయబారుల పేర్లు, సమావేశాల వివరాలు తీసేయండి. తేదీలు తీయకండి. అన్ని వాక్యాలకూ అక్కర్లేదు గానీ, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారే ప్రతిచోటా ఒకటి ఉండాలి. తప్పెవరిదన్న రచయిత వాదనను కథలో కలపకుండా చివర 'రచయిత దృష్టిలో' అని విడిగా పెట్టండి. జర్మనీ కన్నా ముందు రష్యా సైన్యాన్ని కదిలించిందంటే అది వరస మాత్రమే. దానివల్లే యుద్ధమొచ్చిందంటే అది వాదన, దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఒకమాట మీద లేరు.

రాశాక ఆ పుస్తకం చదవని వాళ్లెవరికైనా ఇచ్చి, కాగితం చూడకుండా రెండు సంగతులు చెప్పమనండి: మొత్తం సైన్యాన్ని ముందు సిద్ధం చేసింది జర్మనీయా, రష్యానా? ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది సెర్బియా జవాబుకు ముందా, తర్వాతా? వాళ్లు తడబడిన చోట మీ వాక్యాల్లో ఏదో ఒక తేదీ జారిపోయి ఉంటుంది.