టూల్ వాడినందుకు ఖాతాపై ఆంక్షలు: ఎవరిని, ఏ వరుసలో అడగాలి?

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు చీరల దుకాణం ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు వాటంతట అవే పడేటట్లు, కామెంట్ పెట్టినవారికి వెంటనే ధర మెసేజ్ వెళ్ళేటట్లు ఒక టూల్‌కు ఏడాది చందా కట్టినాము. సరిగ్గా దసరాకు ముందు ఖాతాపై ఆంక్షలు పెట్టినారు, మెసేజ్‌లు పోవడం లేదు. టూల్ వాళ్ళేమో "మీ అకౌంట్‌కు నూటికి నూరు పాళ్ళు సేఫ్" అని ప్రకటన వేసినారు. ఇన్‌స్టాగ్రామ్‌పై కేసు వేయవచ్చునా? ఖాతా మామూలు స్థితికి ఎట్లా వస్తుంది? టూల్ ఏ పని ఎప్పుడు చేసిందో నమోదైన లాగ్, స్క్రీన్‌షాట్లు జతపరిచినాను.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కేసు సంగతికి ముందు, ఆగిపోయింది మీ ఖాతానా లేక టూల్‌కు ఉన్న అనుమతా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రెండింటికీ బాధ్యులు వేరు, పరిష్కారమూ వేరు. దీన్ని తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. టూల్ నుంచి పోస్టు పోకుండా "Application request limit reached" వంటి వాక్యం కనబడుతూ, ఫోన్‌లోని యాప్‌లో మాత్రం మీరు చేత్తో పెట్టిన పోస్టు, మెసేజ్ మామూలుగా పోతుంటే, అది టూల్ కంపెనీ వాడుకునే అనుమతికి తగిలిన పరిమితి. అది కొంతసేపటికి దానంతట అదే సడలుతుంది, మీ ఖాతాకు మచ్చ కాదు. ఫోన్‌లో చేత్తో ప్రయత్నించినా "Try again later" అని వస్తే ఆంక్ష పడింది మీ ఖాతా మీదనే. మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో కనబడుతున్నది ఈ రెండవదే. నిజమా కాదా అని చూడడానికి ఆగిన పనిని మళ్ళీ మళ్ళీ చేసి చూడవద్దు, ఒక్కసారి చూసి నిర్ధారించుకుంటే చాలు.

ఇక కారణం. మీ టూల్ మొదటి రోజు మిమ్మల్ని ఇన్‌స్టాగ్రామ్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తన సొంత పేజీలోనే టైపు చేయమని అడిగింది. అధికారిక దారిలో పనిచేసే టూల్ అలా అడగదు. అది మిమ్మల్ని ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటా వారి లాగిన్ పేజీకి పంపుతుంది, ఏయే అనుమతులు ఇస్తున్నారో అక్కడ చూపుతుంది, పాస్‌వర్డ్ టూల్ కంట పడదు. ఆ దారిలో వెళ్ళేవాటికి హద్దులు రాసిపెట్టి ఉంటాయి. కామెంట్‌కు జవాబుగా పంపే వ్యక్తిగత మెసేజ్ ఒక కామెంట్‌కు ఒక్కటే, అదీ కామెంట్ పెట్టిన 7 రోజులలోపే. ఆ మనిషి తిరిగి మాట్లాడితేనే ఆ తరువాతి 24 గంటల సంభాషణకు వీలుంటుంది. పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చిన టూల్ మనిషి వేషం వేసుకుని పనిచేస్తుంది కాబట్టి ఈ హద్దులేవీ దానిని ఆపవు. ఆగవలసింది మీ ఖాతాయే అవుతుంది.

మీ లాగ్‌లో సాయంత్రం 7 గంటల తరువాతి భాగాన్ని చూడండి. మీరు "ధర కావాలంటే కామెంట్ పెట్టండి" అని రీల్ పెట్టగానే కామెంట్లు వరదగా వచ్చినవి. టూల్ ప్రతి ఒక్కరికీ అక్షరం తేడా లేని ఒకే మెసేజ్‌ను, లింకుతో సహా, వరుసగా పంపింది. కొంతసేపటికి మెసేజ్‌లు తిరిగిరావడం మొదలైనప్పుడు ఆగవలసిన టూల్ ఆగలేదు, నిమిషానికోసారి అదే మెసేజ్‌ను మళ్ళీ ప్రయత్నించింది. విఫలమైన ప్రయత్నం కూడా లెక్కలోకి వచ్చే పనే. పైగా ఇలాంటి పరిమితులు చాలావరకు అర్ధరాత్రికి సున్నా కావు, వెనుకటి 24 గంటలను ఎప్పటికప్పుడు కొలుస్తాయి. మంగళవారం రాత్రి 8 గంటలకు పంపినది బుధవారం రాత్రి 8 వరకు మీ పద్దులో ఉంటుంది. తెల్లవారింది కదా అని మీరు ఉదయం మళ్ళీ టూల్‌ను ఆన్ చేయడం వలన ముందురోజు భారం మీద కొత్త భారం పడింది. తాత్కాలిక ఆంక్ష ముదిరింది అక్కడే.

ఇన్‌స్టాగ్రామ్‌పై నష్టపరిహారం కేసు వేయమని నేను సలహా ఇవ్వను. మీరు ఖాతా తెరిచినప్పుడు ఒప్పుకున్న షరతులు ఐటీ చట్టం సెక్షన్ 10ఎ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నాయన్న కారణంతో చెల్లకుండా పోవు. అనుమతి లేని ఆటోమేటిక్ పద్ధతులు వాడరాదని ఆ షరతులలోనే ఉంది. 2021 నాటి ఐటీ నిబంధనలు కూడా, షరతులు పాటించని వాడుకరికి సేవను ఆపే హక్కు తమకు ఉందని ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదిక ముందుగా చెప్పాలంటాయి. అంటే చట్టం ఆ హక్కును గుర్తించినట్లే. దసరా అమ్మకాలు పోయినాయి అన్న బాధ నిజమే కానీ, షరతు తప్పింది మీ వైపు నుంచి అయినప్పుడు ఆ నష్టాన్ని వారి నెత్తిన పెట్టడం కష్టం. ఇదే మాట మరో కోణంలో మీకు ఊరట కూడా: టూల్ వాడడం ఒప్పందాన్ని మీరడమే, మీ సొంత ఖాతా విషయంలో అది నేరం కాదు. ఎవరైనా పోలీసు కేసు అవుతుందని భయపెడితే పట్టించుకోవద్దు.

మొదటి పని టూల్‌ను తెంచివేయడం. అందులో షెడ్యూల్ చేసిన పోస్టులను, ఆటో రిప్లైలను "పాజ్"లో పెడితే సరిపోదు, పూర్తిగా తీసివేయాలి. తరువాత ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చి, "Where you're logged in" జాబితాలో మీ ఫోన్లు కాని ప్రతిదానినీ లాగౌట్ చేయాలి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. "Apps and websites" లో కూడా ఆ టూల్ పేరు ఉంటే తొలగించండి. అయితే ఇవన్నీ చేయకముందే టూల్ లాగ్‌ను డౌన్‌లోడ్ చేసుకోవాలి. చందా రద్దయిన మరుక్షణం చాలా టూల్‌లు లాగ్‌ను చూపవు, రేపు మీ చేతిలో మిగిలే ఆధారం అదే.

టూల్ తెగిన తరువాత "Account Status" తెరిచి, అక్కడ సమీక్ష కోరే వీలుంటే ఒక్కసారి కోరండి. రోజూ కోరడం వలన లాభం లేదు. ఆ మధ్యకాలంలో దుకాణం మనిషి చేత్తో మామూలుగా వాడవచ్చు, కానీ వచ్చిన కామెంట్లకు ఒకే వాక్యాన్ని కాపీ చేసి అంటించుకుంటూ పోతే వేలు మీదైనా నడక టూల్‌దే అవుతుంది. ఆంక్ష తొలగిన తరువాత షెడ్యూల్ అవసరమైతే మెటా బిజినెస్ సూట్‌లోనో ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనో ఉన్న షెడ్యూల్ సదుపాయం వాడండి. యాప్‌లో 75 రోజుల ముందు వరకు, రోజుకు 25 పోస్టుల వరకు పెట్టుకోవచ్చు. ప్రొద్దుటూరు చీరల దుకాణానికి అంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం.

సమీక్షలో ఫలితం రాకపోతే 2021 నిబంధనలలోని 3(2) ప్రకారం ఆ సంస్థ భారతదేశంలో నియమించిన ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆయన పేరు, చిరునామా సంస్థ వెబ్‌సైట్‌లో ఉండడం తప్పనిసరి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి. పరిష్కారానికి నిబంధనలు వచ్చినప్పుడు పెట్టిన గడువు 15 రోజులు, తరువాతి సవరణలు గడువులను కుదించాయే తప్ప పెంచలేదు. అంటే 15 రోజులు దాటితే ఏ లెక్కన చూసినా జాప్యమే. ఫిర్యాదులో కోపం, నష్టం లెక్కలు అక్కర్లేదు. ఇట్లా రాస్తే చాలు:

"నా ఖాతా ఫలానా. ఫలానా తేదీన మెసేజ్‌లు పంపే వీలు ఆపివేశారు. ఒక బయటి టూల్‌కు నేను పాస్‌వర్డ్ ఇచ్చిన కారణంగా అది నా పేరుతో ఆటోమేటిక్ మెసేజ్‌లు పంపింది. ఫలానా తేదీన ఆ టూల్‌ను తొలగించి, పాస్‌వర్డ్ మార్చి, ఇతర పరికరాలను లాగౌట్ చేశాను. ఆధారాలు జతపరిచాను. ఏ షరతు ఉల్లంఘన కింద ఆంక్ష పెట్టారో, ఎప్పటివరకు ఉంటుందో తెలిపి, ఖాతాను మామూలు స్థితికి తేవలసిందిగా కోరుతున్నాను."

అధికారి ఇచ్చిన నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే, అది అందిన 30 రోజులలోపు కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి gac.gov.in లో అప్పీలు చేయవచ్చు. అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, ఢిల్లీకి పోనవసరం లేదు. అప్పీలు అందిన 30 రోజులలో కమిటీ తేల్చడానికి ప్రయత్నించాలని నిబంధన. కమిటీ ముందు టూల్ వాడిన సంగతి దాచవద్దు. సర్వర్ రికార్డులు వారి దగ్గర ఉంటాయి, దాచినది బయటపడితే మిగిలిన మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

మీకు నిజంగా గట్టి వాదన ఉన్నది టూల్ కంపెనీ మీద. "నూటికి నూరు పాళ్ళు సేఫ్" అని చెప్పి, పాస్‌వర్డ్ తీసుకుని, వేదిక షరతులకు విరుద్ధంగా పనిచేయడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం, అనుచిత వ్యాపార విధానం రెండూ అవుతాయని వాదించవచ్చు. ఎదుటివారు మొదట లేవనెత్తేది మీరు వాణిజ్య ప్రయోజనం కోసం తీసుకున్నారు కాబట్టి వినియోగదారు కారన్న అభ్యంతరం. అది కొట్టివేయదగినది కాదు. సొంత ఉపాధికి మినహాయింపును చట్టం "వస్తువుల" విషయంలోనే స్పష్టంగా చెప్పింది, ఇది సేవ. అయినా ఇంటివాళ్ళే కూర్చుని నడిపే చిన్న దుకాణమని చూపగలిగితే వాదనకు చోటుంది. అందుకని ముందుగా నోటీసు పంపి చందా తిరిగి అడగండి, చాలామంది ఆ దశలోనే ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చట్టం ఫిర్యాదీ నివసించే చోట కూడా వేసుకునే వీలిచ్చింది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, కారణం పుట్టిన 2 ఏళ్ళలోపు వేయాలి. కంపెనీ విదేశంలో ఉంటే కమిషన్ ఉత్తర్వు చేతికి వచ్చినా వసూలు కష్టం. అప్పుడు కార్డుతో కట్టి ఉంటే, ఆ డబ్బును వెనక్కి రప్పించే ఛార్జ్‌బ్యాక్‌ను బ్యాంకులో కోరడమే దగ్గరి దారి.

ఆధారాలుగా ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తేదీతో సహా, చందా రశీదు, లాగ్, ఆంక్ష నోటీసు దాచుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్య, కూడా రాయాలి. కాబట్టి అసలు ఫైలును మార్చకుండా ఉంచి, వాట్సాప్‌లో పంపిన నకలును ఆధారంగా తీసుకురావద్దు.

"మీ అకౌంట్ మూడు రోజుల్లో తెచ్చిస్తాము, మాకు లోపల మనుషులున్నారు" అని డబ్బు, ఓటీపీ అడిగేవారు ఈ సమయంలో తప్పక ఫోన్ చేస్తారు. ఓటీపీ ఇస్తే ఉన్న ఖాతా కూడా వారిదైపోతుంది. ఒకవేళ అప్పటికే ఇచ్చివుంటే వెంటనే 1930 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆంక్ష ఉండగానే అదే ఫోన్‌లో, అదే పేరుతో రెండో ఖాతా తెరిచి దసరా గట్టెక్కుదామన్న ఆలోచన కూడా వద్దు. ఆంక్షను తప్పించుకునే ప్రయత్నంగా దానిని లెక్కగడితే మొదటి ఖాతా సమీక్ష కూడా మీకు అడ్డం తిరుగుతుంది. ఈ పండుగకు ఆర్డర్లు తీసుకోవలసి ఉంటే దుకాణం ఫోన్ నంబరును ప్రొఫైల్‌లో పెట్టి, ధర అడిగినవారిని చేత్తో ఒక్కొక్కరినీ పలకరించండి.