మిగిలిన పని ఎప్పటికి పూర్తవుతుందో సగటుతో చెప్పొచ్చా?

"మా టీమ్ గత పది వారాల్లో వారంవారీగా పూర్తి చేసిన పనులు: 3, 5, 0, 4, 6, 2, 5, 1, 4, 3. సగటు 3.3. ఇంకా 38 మిగిలాయి. 12 వారాలని క్లయింటుకి చెప్పేయొచ్చా? సర్వర్ పడిపోయి సున్నా వచ్చిన ఆ ఒక్క వారాన్ని లెక్కలోంచి తీసేయాలా?"

సున్నాని తీయకండి. ఒకసారి నేను తీసేసి, ఇచ్చిన తేదీ దాటిపోయి, క్లయింటు ముందు తలదించుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కంప్యూటర్ పక్కన పెట్టండి. మీ పది అంకెలూ పది చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒక చీటీ తీస్తే అది ఒక వారం. అంకె రాసుకుని చీటీని మళ్లీ డబ్బాలో వేసేయాలి. నేను మీ అంకెలతో తీసి చూస్తే 4, 0, 5, 3, 1, 6, 2, 5, 3, 4, 0, 3, 5 వచ్చాయి. పన్నెండు చీటీలకి మొత్తం 36, పదమూడో చీటీకి 38 దాటింది. అంటే ఈసారి 13 వారాలు. ఇలా పదివేల సార్లు ఆడితే ఎన్ని వారాలకి ఎన్నిసార్లు పూర్తయిందో తెలుస్తుంది. మాంటే కార్లో సిమ్యులేషన్ అంటే ఇంతే. ఆ ఆట కంప్యూటర్ చేత ఇలా ఆడించొచ్చు:

```python
import random
past = [3, 5, 0, 4, 6, 2, 5, 1, 4, 3]

def weeks():
    left, w = 38, 0
    while left > 0:
        left -= random.choice(past)
        w += 1
    return w

r = sorted(weeks() for _ in range(10000))
print(r[5000], r[8500])
```

మీ అంకెలకి `12 14` వస్తుంది: పదివేల ఆటల్లో సగం 12 వారాల్లోపు, 85 శాతం 14 వారాల్లోపు ముగిశాయని అర్థం. 12 వారాల్లో పూర్తయ్యే అవకాశం సుమారు 63 శాతం, 13 వారాల్లో 80, 14 వారాల్లో 90. మీరు చెప్పబోతున్న 12 వారాల మాట ప్రతి మూడు సార్లలో ఒకసారి కంటే ఎక్కువే తప్పుతుందన్నమాట. నేనైతే 85 శాతం దగ్గర వచ్చే వారాన్నే మాటిస్తాను.

ఇప్పుడు `past` లోంచి ఆ 0 తీసేసి మళ్లీ నడపండి. 85 శాతానికి 14 వారాలు కాస్తా 12కి దిగిపోతుంది. ఒక్క చీటీ తీసినందుకు రెండు వారాలు! సర్వర్ మళ్లీ పడదని మీరు నమ్మొచ్చు. కానీ వచ్చే మూడు నెలల్లో ఎవరికో జ్వరం రావచ్చు, ఇంకో టీమ్ ఇవ్వాల్సింది ఇవ్వకపోవచ్చు. ఆ సున్నా చీటీ సర్వర్ ఒక్కదానికే కాదు, పేరు తెలియని అడ్డంకులన్నిటికీ నిలబడుతుంది. కారణం ఏదైనా ఆ వారం నిజంగా జరిగింది కాబట్టి అది డబ్బాలో ఉండాలి.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ దెబ్బతీసింది మిగిలిన పనుల సంఖ్యే. మా ప్రాజెక్టులో 30 పనులనుకుని మొదలుపెడితే చివరికి 39 అయ్యాయి. కొత్తగా ఎవరూ ఏమీ అడగలేదు. చేతిలోకి తీసుకున్నాక ఒక పని రెండుగా విడిపోవడం, పరీక్షల్లో తప్పులు బయటపడి అవి మళ్లీ పనులుగా చేరడం, అంతే. పూర్తయినవి లెక్కపెట్టేటప్పుడు ఈ ముక్కలన్నీ కలుస్తాయి, మిగిలినవి లెక్కపెట్టేటప్పుడు కలవవు. మీ పాత ప్రాజెక్టు ఒకటి తీసి, మొదట్లో ఎన్ని, చివర్లో ఎన్ని అని చూడండి. మా అనుభవమే మీకూ ఎదురైతే మీ 38 కాస్తా 50 దాకా పోతుంది. అప్పుడు కోడ్‌లో 38కి బదులు `random.randint(38, 50)` పెట్టండి. ఫలితం `14 16`కి మారుతుంది. మీ చోట నేనుంటే క్లయింటుకి "14 నుంచి 16 వారాలు" అని చెప్పి, వాళ్ల ఏర్పాట్లు 16వ వారానికి చేసుకోమంటాను.

ప్రతి వారం చివర కొత్త అంకె చేర్చి, మిగిలినవి మళ్లీ లెక్కపెట్టి నడపండి. రెండు నిమిషాల పని. తేదీ జరిగేట్టుంటే క్లయింటుకి ముందుగానే చెప్పగలుగుతారు.

ఈ పద్ధతి రాబోయే వారాలు గడిచిన వారాల్లాగే ఉంటాయని, ఒక వారానికీ ఇంకో వారానికీ సంబంధం లేదని అనుకుంటుంది. ఆ ఊహ చెడితే పట్టుకోవడం కష్టం కాదు. మీ పది చీటీల్లో 1 గానీ 0 గానీ ఉన్నవి రెండే. అవి వరసగా మూడు వారాలు రావడం వెయ్యికి ఎనిమిది సార్లే జరగాలి. నిజంగానే అలా వస్తే దురదృష్టం అనుకోకండి: మనిషి వెళ్లిపోయాడో, పనుల స్వభావం మారిందో ముందు కనుక్కోండి. అలాంటి మార్పు కనబడితే ఆ పది చీటీలు ఇప్పటి మీ టీమ్‌వి కావు. వాటిని పక్కన పెట్టి, మార్పు తర్వాతి వారాలతోనే కొత్త డబ్బా మొదలుపెట్టండి. నాలుగైదు వారాల అంకెలు పోగయ్యేదాకా క్లయింటుకి కొత్త తేదీ ఇవ్వకండి.