రివ్యూల్లో కస్టమర్లు వాడే మాటల నుంచి బ్రాండ్ పొజిషనింగ్ ఎలా తేల్చాలి?

ప్రశ్న: ఇంట్లో చేసే పొడులు, పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. అమెజాన్, గూగుల్ మ్యాప్స్ కలిపి కొన్ని వందల రివ్యూలు వచ్చాయి. వర్డ్ క్లౌడ్ చేయిస్తే టేస్ట్, గుడ్, సూపర్, ప్యాకింగ్ అనే నాలుగు మాటలే పెద్దగా కనపడ్డాయి. దీన్ని పట్టుకుని మా బ్రాండ్ గురించి ఏం చెప్పుకోవాలో ఎలా తెలుస్తుంది? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జవాబు:

వర్డ్ క్లౌడ్ పక్కన పెట్టేయండి. టేస్ట్, గుడ్ అనే మాటలు మీ పోటీదారుల పేజీలో కూడా అంతే పెద్దగా ఉంటాయి, కాబట్టి అవి మీ గురించి ఏమీ చెప్పవు. మీ రివ్యూల్లో తరచుగా ఉండి పక్కవాళ్ళ రివ్యూల్లో అంతగా లేని మాటలు కావాలి, ఆ మాట ఎవరన్నారో, ఏం వండుతూ అన్నారో కూడా తెలియాలి. నేను రాయలసీమలో గానుగ పట్టిన వేరుశనగ నూనె అమ్మే ఒక చిన్న బ్రాండ్‌కి ఈ పని చేశాను, అదే ఉదాహరణగా చెప్తాను, మీ పొడులకి పద్ధతి మారదు.

ముందు రివ్యూలన్నీ ఒక గూగుల్ షీట్‌లోకి తెచ్చుకోవాలి. రివ్యూ మాటలు, స్టార్లు, తేదీ, ఏ సైజు కొన్నారు, ఏ సైట్, ఈ ఐదు కాలమ్‌లు చాలు. కొన్ని వందలే కాబట్టి చేత్తో కాపీ చేసుకోండి, సాఫ్ట్‌వేర్‌తో లాగడానికి చాలా సైట్ల నిబంధనలు ఒప్పుకోవు, పైగా కాపీ చేస్తున్నప్పుడే సగం విషయం మీ కంటపడుతుంది. సైజు కాలమ్ మాత్రం వదలొద్దు. అమెజాన్‌లో అర లీటరు, ఐదు లీటర్ల రివ్యూలు ఒకే పేజీలో కలిసిపోయి ఉంటాయి, కొనేవాళ్ళు మాత్రం వేర్వేరు అవసరాలకి కొంటారు. అలాగే డెలివరీ లేటు, మూత లీకు, డబ్బా నొక్కుకుపోయింది లాంటివాటికి ఒక గుర్తు పెట్టి వేరే షీట్‌లోకి తీసేయండి. అవి ప్యాకింగ్ చూసేవాళ్ళకి చాలా అవసరం, కానీ వాటిని కలిపి లెక్కపెడితే ఒక స్టార్ రివ్యూలన్నీ లీకు గురించే కనపడి, నూనె గురించి జనం ఏమంటున్నారో అడుగున పడిపోతుంది.

తర్వాత లెక్కపెట్టకుండా ఊరికే చదవండి. మూడు స్టార్లు, నాలుగు స్టార్లు ఇచ్చినవాళ్ళతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఐదు స్టార్లవాళ్ళు 'సూపర్' అని వదిలేస్తారు, ఒక స్టార్‌వాళ్ళు కోపంలో ఉంటారు, మధ్యవాళ్ళే 'దీనికి బాగుంది, దానికి పనికిరాలేదు' అని విడమరిచి రాస్తారు. చదువుతూ మళ్ళీమళ్ళీ వస్తున్న విషయాలు రాసుకుంటే మా నూనెకి వాసన, నురగ, ధర, ఆరోగ్యం, అడుగున మడ్డి, వంటకాల పేర్లు అని కొన్ని గుంపులు తేలాయి.

ఇప్పుడు లెక్క. మనవాళ్ళు ఒకే మాటని తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా, నేరుగా ఇంగ్లీషులో, ఇలా రకరకాలుగా రాస్తారు, అవన్నీ ఒక గుంపు కింద పట్టాలి. రివ్యూ A కాలమ్‌లో ఉంటే, ఆ ఐదు కాలమ్‌ల తర్వాత ఖాళీగా ఉన్న కాలమ్‌లో రెండో వరసలో ఇలా రాసి కిందికి లాగండి:

```
=IF(REGEXMATCH(LOWER(A2),"vasana|vaasana|vasna|smell|aroma|వాసన"),1,0)
```

ఒక రివ్యూలో ఆ మాట ఐదుసార్లు వచ్చినా ఇది ఒకటిగానే లెక్కిస్తుంది, మనకి కావాల్సిందీ అదే, ఎంతమంది అన్నారు అన్నది. ఆ అక్షరాలు మాటలో ఎక్కడున్నా ఫార్ములా పట్టుకుంటుంది కాబట్టి 'వాసన' అని ఇస్తే వాసనే, వాసనకి, సువాసన అన్నీ దొరుకుతాయి. మీ పచ్చళ్ళ దగ్గర జాగ్రత్త, 'పచ్చడి' అని వెతికితే 'పచ్చళ్ళు' దొరకదు, పోనీ అని 'పచ్చ' వరకు కుదిస్తే పచ్చి, పచ్చగా కూడా వచ్చి పడతాయి, అందుకని రెండు రూపాలూ విడిగా ఇవ్వాలి. ఇంగ్లీషులోనూ ఇదే గొడవ, `oil` అని ఇస్తే `boil`, `spoiled` కూడా లెక్కలోకి వస్తాయి. ప్రతి గుంపుకి 1 పడిన వరసలు కొన్ని తెరిచి చదివితే ఇలాంటివి వెంటనే బయటపడతాయి. 'వాసన లేదు' అన్నది కూడా అక్కడే దొరుకుతుంది, షీట్‌కి ఆ తేడా తెలియదు కదా.

ఇదే పని ఇద్దరు పోటీదారుల రివ్యూల మీద కూడా చేయాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, నా ఉద్దేశంలో అసలు ఫలితం వచ్చేది ఇక్కడే. ఒకటి మీలాంటిదే, అదే ధరలో ఉన్నది, ఇంకొకటి జనం మీ బదులు మామూలుగా కొనేది. మాకైతే ఇంకొక గానుగ నూనె, ఒక రిఫైన్డ్ నూనె. ఎంతమంది అన్నారో చూడకుండా ఎంత శాతం అన్నారో పోల్చండి. లెక్క అర్థం కావడానికి చెప్తున్నాను, మీ 300 రివ్యూల్లో 60 మంది వాసన గురించి రాస్తే 20 శాతం, పక్కవాళ్ళ 400లో 20 మంది రాస్తే 5 శాతం, అంటే ఆ మాట మీ దగ్గర నాలుగు రెట్లు ఎక్కువ. 'అమ్మమ్మ చేసినట్టు', 'ఇంటి రుచి' లాంటివి మీకు ఎంత ముద్దుగా అనిపించినా ఈ పోలికలో నిలబడవు, పచ్చళ్ళు అమ్మే ప్రతివాళ్ళ కిందా అవే ఉంటాయి.

ఇంకొకటి తీసేయాలి, మీరే నేర్పిన మాటలు. మీ లేబుల్ మీద 'స్వచ్ఛమైన' అని ఉంటే కస్టమర్లు దాన్నే మళ్ళీ రాస్తారు, ముఖ్యంగా రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని డబ్బాలో కార్డు పెట్టి ఉంటే. మీ లిస్టింగ్‌లో ఎక్కడా లేని మాట జనం సొంతంగా వాడితే దాని విలువ ఎక్కువ.

ఇక మా నూనె సంగతి. ఓనరు గారు అప్పటికి 'కొలెస్ట్రాల్ లేని ఆరోగ్యకరమైన నూనె' అని ముందు పెట్టి అమ్ముతున్నారు. అసలు మొక్కల నుంచి తీసే వంటనూనె దేంట్లోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, రిఫైన్డ్ నూనెకి కూడా అదే వర్తిస్తుంది, కాబట్టి అది మనల్ని వేరుచేసే మాట కాదు. రివ్యూల్లోనూ ఆరోగ్యం అన్నవాళ్ళు ఉన్నారు గానీ రెండో గానుగ నూనెకీ దాదాపు అంతే ఉన్నారు. మన దగ్గర బాగా ఎక్కువగా కనపడింది వాసన, చిత్రం ఏమిటంటే అది ఐదు స్టార్ల రివ్యూల్లోనూ ఉంది, రెండు స్టార్ల రివ్యూల్లోనూ ఉంది.

ఇలా ఒకే మాట మెప్పులోనూ తిట్టులోనూ వస్తే దాన్ని పాజిటివ్, నెగటివ్ అని విడగొట్టి కూడికలు, తీసివేతలు చేయకండి. ఆ మాట ఉన్న రివ్యూలన్నీ ఒకచోట పెట్టి, పక్కన ఏ వంటకం పేరు ఉందో చూడండి. మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా పొడి అన్నంలో పచ్చినూనె పోసుకోవడం, రోటి పచ్చడి తాలింపు, ఉగ్గాణి గురించి రాశారు. విసుక్కున్నవాళ్ళు పూరీలు, బజ్జీలు, అప్పడాలు వేయించినవాళ్ళు, 'ఇల్లంతా వాసన', 'బాండీలో నురగ పొంగింది', 'కల్తీ ఏమో' అని రాసినవాళ్ళు వాళ్ళే. నురగకి కారణం కల్తీ కానక్కరలేదు. గింజలోంచి వచ్చే ఫాస్ఫోలిపిడ్లు అనే జిగురు పదార్థాలు గానుగ నూనెలో మిగిలే ఉంటాయి, బాగా వేడెక్కితే నురగ కడతాయి. రిఫైనింగ్‌లో ఆ జిగురూ పోతుంది, వాసనా పోతుంది. అంటే పొడి అన్నం తినేవాళ్ళు దేనికి డబ్బిస్తున్నారో డీప్ ఫ్రై చేసేవాళ్ళు సరిగ్గా దానికే కంప్లైంట్ చేస్తున్నారు.

పొజిషనింగ్ ఇక్కడే తేలింది. నూనె బాగుందా లేదా అన్న చర్చ వదిలేసి, ఎవరికి, ఏ వంటకి, దేని బదులు, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలకి రివ్యూల్లోంచే జవాబులు ఏరి ఒక వాక్యం రాసుకున్నాం: 'పొడి అన్నం, పచ్చడి ఇష్టంగా తినే ఇళ్ళకి, వేయించడానికి వాడే నూనెతో పాటు విడిగా పెట్టుకునే, వేరుశనగ వాసన పోని నూనె.' ఇది లేబుల్ మీద వేసే లైన్ కాదు, మన నిర్ణయాలకి కొలత. దీన్నిబట్టి లిస్టింగ్‌లో మొదటి ఫొటోలో బాండీ తీసేసి వేడి అన్నం, పప్పుల పొడి పెట్టాం, అర లీటరు సీసాని ముందుకు తెచ్చాం, డీప్ ఫ్రైకి అయితే నురగ వస్తుంది, ఎందుకు వస్తుంది అని పేజీలోనే రాశాం. ఓనరు గారికి ఐదు లీటర్ల డబ్బా వెనక్కి పెట్టడం మొదట్లో నచ్చలేదు, ఆయన భయంలో అర్థం ఉంది, పెద్ద డబ్బా కొనే కుటుంబాలు కొన్ని దూరమవుతాయి. ఆ నష్టానికి సిద్ధపడకపోతే ఈ వాక్యం రాసుకోవడమే వృథా.

నిర్ణయం తీసుకునేముందు రివ్యూ రాయనివాళ్ళనీ అడగాలి. రివ్యూలు ఎక్కువగా రాసేది బాగా సంతోషించినవాళ్ళో బాగా విసిగినవాళ్ళో, నెలనెలా నిశ్శబ్దంగా కొనుక్కునేవాళ్ళు అందులో పెద్దగా ఉండరు. మీ వెబ్‌సైట్‌లోనో వాట్సాప్‌లోనో మళ్ళీమళ్ళీ ఆర్డర్ ఇచ్చేవాళ్ళకి కొందరికి ఫోన్ చేసి 'పోయినసారి దేంట్లో వాడారండీ?' అని మాత్రం అడగండి. 'వాసన నచ్చిందా' అని అడిగితే మర్యాదకి అవుననే అంటారు. వాళ్ళంతట వాళ్ళు అదే వంటకాలు చెప్తే మీ వాక్యం నిలుస్తుంది, పిల్లల టిఫిన్ బాక్సో ఇంకేదో కొత్తది వస్తే మళ్ళీ షీట్‌కి వెళ్ళి ఆ మాట వెతకాలి.

మీ పొడుల విషయంలో నేనైతే రుచి మాటలకంటే ముందు సందర్భాల మాటలు వెతుకుతాను: ఇడ్లీ, హాస్టల్, అమెరికా, ప్రయాణం, వండే ఓపిక లేనప్పుడు, పిల్లలు, జ్వరం. తర్వాత 'కారం' అన్న మాట తీసి, ఎక్కువైంది అన్నవాళ్ళు ఎవరికోసం కొన్నారో, సరిపోయింది అన్నవాళ్ళు ఎవరికోసం కొన్నారో చూడండి, మా నూనెకి వాసన ఎలాగో మీకు అది అలా పనికిరావచ్చు. ఒక్కో రకం పొడిని విడిగా చూడండి, కంది పొడి, కరివేపాకు పొడి కలిపేస్తే రెండింటి సంగతీ తెలియదు. ఒక్కో పొడికి రివ్యూలు మరీ తక్కువ ఉంటే శాతాలు నమ్మకండి, నలుగురు అటూ ఇటూ అయితే లెక్క తిరగబడుతుంది, అలాంటప్పుడు చదవడం, ఫోన్ చేయడం వరకే ఉంచండి.

మార్పు చేశాక ఆ తేదీని షీట్‌లో రాసుకుని, తర్వాత వచ్చే రివ్యూల్ని అదే ఫార్ములాతో విడిగా లెక్కపెట్టండి. స్టార్లు పెరిగాయా అని చూడకండి, అది లీకులు తగ్గినా పెరుగుతుంది. మీరు వద్దనుకున్న వాడకం గురించిన కంప్లైంట్ల శాతం తగ్గిందా, రిటర్న్‌లకి రాస్తున్న కారణాలు మారాయా అన్నవి చూడండి. కొత్త ఫొటోలో, వివరణలో మీరు పెట్టిన మాటలు రివ్యూల్లో పెరిగితే మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అవి మీ దగ్గర నుంచి వెళ్ళినవే.