“కలిసింది సార్” అని ఒక్క లైను మెయిల్ చాలదా?

ప్రశ్న: బీకాం అయ్యాక ఒక కంపెనీలో జూనియర్ అకౌంటెంట్‌గా చేరాను. మార్చి బ్యాంక్ రీకన్సిలియేషన్‌లో 1,490 రూపాయలు తేడా ఉందని మేనేజర్ వెనక్కి పంపారు. మళ్లీ చూస్తే బ్యాంకు చార్జీలు 590 ఎంట్రీ పడలేదు, ఒక పేమెంట్ 7,650కి బదులు 6,750 కొట్టాను. సరిచేశాను. “ఇప్పుడు కలిసింది సార్” అని మెయిల్ పెడితే చాలదా?

జవాబు: చాలదు. మీ మేనేజర్‌కి తేడా ఎందుకొచ్చింది, దాన్ని పోగొట్టడానికి మీరు ఏ వోచర్ ముట్టుకున్నారు అన్నవి కూడా తెలియాలి, ఎందుకంటే తేడాని సస్పెన్స్‌లోకో రౌండాఫ్‌లోకో తోసేసి కూడా “కలిసింది” అని రాయొచ్చు, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

మొదటి వాక్యంలోనే లెక్క పెట్టేయండి. ఉదాహరణకి స్టేట్‌మెంట్ ప్రకారం 5,07,860, మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకి రాని చెక్కులు 45,000 తీసేస్తే, మనం వేసినా క్లియర్ కాని 18,000 కలిపితే 4,80,860, ట్యాలీలోనూ అదే. ఆ తర్వాత కారణాలు. పాత బ్యాలెన్స్ 4,82,350, చార్జీలు 590 పోస్ట్ చేశాక ఇంకా 900 మిగిలింది, అది తొమ్మిదితో పూర్తిగా భాగించబడుతోంది కాబట్టి అంకెలు తారుమారయ్యాయేమోనని వెతికితే 6,750 దొరికింది అని రాయండి. వోచర్ నంబరు, తేదీ తప్పకుండా ఉండాలి. కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, మీరు మార్చింది ఎలాగూ అందులో పడుతుంది, అది మీ మెయిల్‌లోనే ముందు కనబడితే మీకే మంచిది.

ఇంకో విషయం, చాలామంది వదిలేసేది ఇదే. బ్యాంకు కలిసినంత మాత్రాన ఎంట్రీ కరెక్టని కాదు. ఆ 7,650 వేరే పార్టీ లెడ్జర్‌లో పడినా బ్యాంకు బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది, బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్, అంటే బీఆర్ఎస్, దాన్ని పట్టుకోలేదు. అందుకే బిల్లు తీసి పార్టీ పేరు చూడండి, చూశాక “బిల్లుతో సరిచూశాను” అని రాయండి, చూడకుండా మాత్రం రాయొద్దు.

పెండింగ్ చెక్కుల్లో పాతవి ఉన్నాయేమో కూడా చూడండి. 45,000లో జనవరి 20 తేదీతో ఇచ్చిన 12,000 చెక్కు ఉందనుకోండి, చెక్కు చెల్లేది తేదీ నుంచి మూడు నెలలే, అంటే ఏప్రిల్ 20 దాటితే బ్యాంకు తీసుకోదు. “పార్టీకి ఫోన్ చేసి కనుక్కోమంటారా సార్?” అని మెయిల్ చివర్లో అడగండి. ఆయన జవాబు ఇవ్వాల్సింది ఈ ఒక్క దానికే.

ఆయన వెనక్కి పంపిన మెయిల్‌కే రిప్లై కొట్టి, సరిచేసిన బీఆర్ఎస్, స్టేట్‌మెంట్ పీడీఎఫ్ రెండూ జత చేయండి. మెయిల్ ఇంగ్లీషులోనే కదా పంపేది, చిన్న చిన్న వాక్యాల్లో రాసేయండి. సారీలు నాలుగు సార్లు అక్కర్లేదు.