రెండు నిమిషాలు, ఒకే మాట

ప్రశ్న: సర్, నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఒక సదస్సులో ఇంటర్న్‌షిప్‌ల మీద చర్చ ఉంది. విద్యార్థుల తరఫున నన్ను ప్యానెల్‌లో కూర్చోమన్నారు. మొదట ఒక్కొక్కరూ రెండు నిమిషాలు మాట్లాడాలట. నేను స్టైపెండ్ లేకుండా మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను. రెండో వారం నుంచి పాత బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కించడమే పని. క్రెడిట్లు పోతాయని మధ్యలో మానలేకపోయాను. స్టైపెండ్, శిక్షణ, సర్టిఫికెట్లు, అమ్మాయిల భద్రత, అన్నీ చెప్పాలని రాస్తే నాలుగు పేజీలైంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏది ఉంచాలి?

జవాబు: ఆ నాలుగు పేజీల్లో కొట్టివేతలు మొదలుపెట్టకండి. అలా చేస్తే నాలుగు విషయాలూ తలా అర నిమిషానికి కుదించుకుపోతాయి, ఒక్కటీ వినేవాళ్ల మనసులో నిలవదు. వాటిని పక్కన పెట్టి కొత్త కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ఎవరు ఏం చేయాలని మీరు అడుగుతున్నారు?

చాలామంది ఇక్కడే పొరబడతారు. 'ఇంటర్న్‌షిప్‌లలో విద్యార్థుల సమస్యలు' అని రాసుకుంటారు. అది విషయమే, ఇంకా వైఖరి కాలేదు. 'ఇంటర్న్‌షిప్‌ల నాణ్యత పెరగాలి' అన్నా అంతే. ఆ మాటను కాదనేవాళ్లు వేదిక మీద ఒక్కరూ ఉండరు, ఇక చర్చ ఎక్కడ మొదలవుతుంది? మీ పక్కన కూర్చున్న కంపెనీ ప్రతినిధి 'నేను ఒప్పుకోను' అనగలగాలి. మీ ఉత్తరంలో అలాంటి మాట ఒకటుంది, మీరు దాన్ని దాటుకుంటూ పోయారు: క్రెడిట్లు పోతాయని మానలేకపోయారు. అందులోంచే వాక్యం తీద్దాం. 'స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కు కాలేజీలు క్రెడిట్లు ఇవ్వకూడదు.'

దీనితోనే మొదలుపెట్టండి. మీ పేరు, చదువు చర్చ నడిపేవారు ముందే చెప్తారు. మళ్లీ పరిచయం, కృతజ్ఞతలు అంటూ కూర్చుంటే ఇరవై సెకన్లు అక్కడే అయిపోతాయి. ఆ తర్వాత మీ అనుభవం, ఇలా:

'నేను అలాంటి ఇంటర్న్‌షిప్ మూడు నెలలు చేశాను. రెండో వారం నుంచి పాత బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అక్కడ ఇక నేర్చుకునేది లేదని నాకు అర్థమైంది. అయినా రోజూ వెళ్లాను. మానేస్తే క్రెడిట్లు పోతాయి. నన్ను అక్కడ ఆపింది మా కాలేజీ నిబంధనే.'

మీ కథకు ఆ చివరి వాక్యమే ప్రాణం. అది లేకపోతే వినేవాళ్లకు మీ మీద జాలి కలుగుతుంది, మీ వాదన మాత్రం అందదు. సంస్థ పేరు చెప్పకండి. చెప్తే చర్చంతా ఆ సంస్థ చుట్టూ తిరుగుతుంది.

తర్వాత ఎదుటివారి బలమైన అభ్యంతరాన్ని మీరే ఎత్తండి. చిన్న సంస్థలు స్టైపెండ్ ఇచ్చుకోలేవు, అవకాశాలు తగ్గిపోతాయి అంటారు. అందులో నిజం ఉంది కాబట్టి ఒప్పుకోండి. 'కొన్ని అవకాశాలు తగ్గవచ్చు. కానీ ఇప్పుడైనా, మూడు నెలలు సంపాదన లేకుండా గడపగలిగినవాళ్లకే అవి అందుతున్నాయి.' ఇంతకంటే వివరంగా వెళ్లకండి. మిగతాది ప్రశ్నల సమయంలో వస్తుంది. శిక్షణ, సర్టిఫికెట్లు, భద్రత కూడా అప్పటికే. వాటిని చిన్న కార్డు మీద రాసి దగ్గర పెట్టుకోండి.

ముగింపు: 'అందుకే కాలేజీలను కోరుతున్నాను, క్రెడిట్లు ఇచ్చే ముందు స్టైపెండ్ లెటర్ అడగండి.' అక్కడితో ఆపేయండి. 'ఇంతటితో ముగిస్తున్నాను' కూడా వద్దు. అంత స్పష్టంగా అడిగితే, చర్చ నడిపేవారు కాలేజీ తరఫున వచ్చినవారి వైపు తిరిగి 'మీరేమంటారు?' అని అడగడానికి వీలుంటుంది.

మొత్తం నిదానంగా, నిలబడి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పైకి చదవండి. నిమిషం నలభై ఐదు సెకన్లకు మించకూడదు. మైకు సర్దుకోవడానికి, ఊపిరి పీల్చుకోవడానికి మిగతా సమయం కావాలి. మించితే వేగం పెంచకండి, అనుభవంలో ఒక వాక్యం తీసేయండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉండాలి. మధ్యలోదానికి కార్డు మీద నాలుగు మాటలు చాలు: బిల్లులు, నిబంధన, చిన్న సంస్థలు, లెటర్.

మీకంటే ముందు మాట్లాడినవారు మీ మాటే చెప్పేస్తే కంగారు పడకండి. 'ఆయన చెప్పినదే నాకు జరిగింది' అని నేరుగా అనుభవంలోకి వెళ్లండి.

చివరగా ఒక పరీక్ష. ఈ విషయం తెలియని స్నేహితుడికి వినిపించి, అరగంట తర్వాత 'నేను ఏం అడిగాను?' అనండి. 'కాలేజీలు క్రెడిట్లు ఇవ్వకూడదన్నావు' అంటే సరే. 'నీకు పాపం బిల్లుల పని ఇచ్చారు' అంటే కథ మీ వైఖరిని మింగేసిందన్నమాట. అప్పుడు బిల్లుల వాక్యాన్ని కుదించి, కాలేజీ నిబంధన మాటను ఇంకా ముందుకు తెచ్చి, మరొకరికి వినిపించండి.