ఐదు వందల నాలుగు కోట్ల ఆటో నంబర్

ప్రశ్న: మా వీధి వాట్సాప్ గ్రూపులో చూపు లేని పెద్దాయన ఒకరు ఉన్నారు. మేం పెట్టే ఫోన్ నంబర్లను ఆయన ఫోన్ కోట్లు, లక్షల్లో చదువుతోందట. నంబర్ ఎలా రాస్తే ఆయనకి సరిగ్గా వినిపిస్తుంది?

మా చిన్నమావయ్యకి చిన్నప్పటి నుంచీ చూపు లేదు. ఆమదాలవలసలో చాలా ఏళ్ళు ఎస్టీడీ బూత్ నడిపాడు. ఎవరైనా నంబర్ ఒక్కసారి చెబితే చాలు, వేళ్ళు వాటంతటవే నొక్కేసేవి. అలాంటి మనిషిని నా మెసేజ్ ఒకటి తెల్లవారుజామున స్టేషన్‌లో ముప్పావు గంట కూర్చోబెట్టింది.

ఆయన విశాఖ నుంచి రైల్లో వస్తున్నాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, మేం ఉండేది శ్రీకాకుళం టౌన్‌లో. అందుకని ఒక ఆటో మాట్లాడి, డ్రైవర్ నంబర్ ముందు రోజే మెసేజ్ పెట్టాను. ఆ అసలు నంబర్ ఇక్కడ వేయకూడదు కాబట్టి 5042160073 అనుకోండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, ఇది ఎవరిదీ కాదు.

మావయ్య దిగేసరికి నాలుగు కాలేదు. ఆయన ఫోన్‌కి రీచార్జ్ గడువు ఆ రాత్రే అయిపోయింది, కాల్ బయటికి పోలేదు. నంబర్ మీద రెండుసార్లు తట్టినా లాభం లేదన్నమాట. టీ కొట్టతన్ని అడిగితే పాపం వెంటనే తన ఫోన్ తీశాడు, "నంబర్ చెప్పండి బాబూ" అన్నాడు. మావయ్య మెసేజ్ మీద వేలు పెట్టాడు. ఫోన్ తెలుగు గొంతులో ఇలా చదివింది: "ఐదు వందల నాలుగు కోట్ల ఇరవై ఒక లక్షల అరవై వేల డెబ్బై మూడు."

దీన్ని విని నంబర్ రాయగలరేమో మీరే ప్రయత్నించి చూడండి. 504, తర్వాత 21, తర్వాత 60, అక్కడి దాకా బాగానే వస్తుంది. "అరవై వేల డెబ్బై మూడు" అన్నప్పుడు వేల తర్వాత వందల స్థానంలో సున్నా ఉందని ఎవరూ చెప్పరు. చెవికి 60, 73 అనే తగులుతాయి. మావయ్య అలాగే చెప్పాడు, టీ కొట్టతను అలాగే నొక్కాడు: 504216073. తొమ్మిదే అంకెలు. మళ్ళీ విన్నాడు, మళ్ళీ తొమ్మిదే వచ్చాయి. ఒక అంకె తగ్గిందని తెలుసు, ఎక్కడ తగ్గిందో తెలియదు. చివరికి డ్రైవరే నాకు ఫోన్ చేసి "మీవోళ్ళు రాలేదండి" అన్నాక నేను మావయ్యకి చేశాను. ఇన్‌కమింగ్ పనిచేస్తోంది కాబట్టి బతికిపోయాం. ఫోన్ ఎత్తగానే ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది: "ఒరే బాబూ, ఇది డబ్బు లెక్కెడతంది గానీ నంబర్ సెప్పట్లేదురా."

తప్పు టాక్‌బ్యాక్‌ది, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయానిది అనుకున్నాను, కాదు. టాక్‌బ్యాక్ తెర మీది అక్షరాలని తీసుకెళ్ళి గొంతు ఇంజిన్‌కి ఇస్తుంది. అది ఫోన్ నంబరో, పొలం ఖరీదో ఊహించేది ఆ ఇంజిన్. ఒక ఇంజిన్ పది అంకెలు చూసి ఫోన్ నంబర్ అని పట్టేస్తుంది, ఇంకొకటి మొత్తం ఒకే సంఖ్య అనుకుంటుంది. గొంతు మారినా, భాష మారినా చదివే తీరు మారుతుంది. అందుకే "నా ఫోన్‌లో బాగానే చదివింది" అనే మాట ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. అవతలి మనిషి ఫోన్‌లో ఏ గొంతు ఉందో మనకి తెలియదు. ఏ గొంతుకీ ఊహించే పని పెట్టకుండా రాయాలి.

చాలామంది 50421 60073 అని ఐదూ ఐదుగా విడగొడతారు. కోట్లు పోతాయి గానీ ఆ "అరవై వేల డెబ్బై మూడు" అలాగే ఉంటుంది. 50 42 16 00 73 అని జంటలుగా రాస్తే కొంత నయం, అయితే ఆ 00ని కొన్ని గొంతులు ఒక్క సున్నాగానే చదివేస్తాయి. మనం నోటితో చెప్పేటప్పుడు "డబుల్ జీరో" అంటాం, ప్రతి యంత్రమూ అలా అంటుందన్న నమ్మకం లేదు. మధ్యలో గీత పెడితే దాన్ని ఒక ఫోన్ "డాష్" అంటుంది, ఒకటి "మైనస్" అంటుంది, ఒకటి అసలు పలకదు. అన్నీ వేసి చూశాక నాకు మిగిలింది ఒకటే దారి: ప్రతి అంకె తర్వాత ఖాళీ, ఐదో అంకె తర్వాత కామా. ఖాళీల వల్ల ఒక్కో అంకె విడిగా పలుకుతుంది. కామా దగ్గర గొంతు కాస్త ఆగుతుంది, వినేవాళ్ళకి సగం గుర్తుపెట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఖాళీలు పెట్టిన నంబర్‌ని ఫోన్ నంబర్‌గా గుర్తించకపోవచ్చు, తడితే కాల్ వెళ్ళదు. దాన్ని కాపీ చేసి డయలర్‌లో అతికిస్తే ఇంకో సమస్య. డయలర్‌లో కామా అంటే కాసేపు ఆగమని అర్థం. ముందు ఐదు అంకెలకే కాల్ కలపడానికి చూస్తుంది. అందుకని నేను రెండు వరుసలు రాస్తాను, పైది వినడానికి, కిందిది తట్టడానికి:

```
5 0 4 2 1, 6 0 0 7 3
5042160073
```

కింది వరుస కోట్లలో చదివినా ఇబ్బంది లేదు, అప్పటికే అంకెలు వినేసి ఉంటారు. గ్రూపులో అయితే నంబర్ టైపు చేసే బదులు కాంటాక్ట్‌నే షేర్ చేస్తే ఇంకా మంచిది, నేరుగా సేవ్ చేసుకుంటారు. కానీ మావయ్యలా ఇంకొకరి ఫోన్‌కి నంబర్ చెప్పాల్సి వస్తే అంకెలు చెవిన పడాల్సిందే. 108కి మాత్రం ఇవేవీ వద్దు. మన జనం "నూట ఎనిమిది" అనే అంటారు, అలాగే వినపడనివ్వండి.

రాసినవాళ్ళు పట్టించుకోకపోయినా వినేవాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. పెద్దాయనకి ఇది చూపించండి. టాక్‌బ్యాక్‌లో మూడు వేళ్ళతో పైకో కిందికో జరుపుతూ పోతే చదివే పద్ధతి మారుతుంది. "అక్షరాలు" అని వినపడగానే ఆగి, ఒక వేలితో కిందికి జరిపిన ప్రతిసారీ ఒక్కో అంకె చెబుతుంది. ఆ రోజు నాకీ సంగతి తెలిసి ఉంటే ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. తర్వాత నేర్పించాను, ఇప్పుడు బాగానే వాడుతున్నాడు. అయినా పది అంకెలకి పదిసార్లు వేలు జరపాలి, పక్కన రైలు ప్రకటనలు మోగుతుంటే మధ్యలో ఒకటి జారిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. మనం తొమ్మిది ఖాళీలు కొడితే ఆయనకి ఆ శ్రమ తప్పుతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకొకటి. కంటి శిబిరం కరపత్రం నుంచి రక్తదానం పిలుపు దాకా అన్నీ ఫొటోలే. నంబర్ ఆ రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది, మావయ్య ఫోన్ "ఫొటో" అని ఊరుకుంటుంది. కంటి శిబిరం నంబరే చూపు లేనివాళ్ళకి చేరకపోతే ఎలాగండీ? కొందరు అందం కోసం నంబర్‌ని రంగు డబ్బాల అంకెలతో పెడతారు, సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొడతారు, అది "ఓ" అనే చదువుతుంది. మా గ్రూపులో ఎవరు ఫొటో పెట్టినా దాని కింద ఆ రెండు వరుసలూ నేనే టైపు చేస్తున్నాను. మీ గ్రూపులో ఆ పని మీరు తీసుకోండి. మొదటిది పెట్టాక పెద్దాయనకి ఫోన్ చేసి, ఆయన విన్న నంబర్‌ని తిరిగి మీకు చెప్పమనండి. పది అంకెలూ వస్తే సరిగ్గా రాసినట్టే.